మయొనైజ్ ఎందుకు విరుగుతుంది? విరిగినదాన్ని తిరిగి కలిపేదెలా?

పాలు విరిగాయన్నా, మయొనైజ్ విరిగిందన్నా తెలుగులో మాట ఒక్కటే. జరిగేది మాత్రం ఒక్కటి కాదు. పాలు విరిగినప్పుడు అందులోని మాంసకృత్తులు గడ్డకడతాయి. వాటిని మళ్లీ పాలుగా మార్చలేము. మయొనైజ్ విరిగినప్పుడు నూనె, నీరు విడిపోతాయి, అంతే. అందులోని పదార్థాలేవీ చెడిపోవు. కనుక దానిని తిరిగి కలపవచ్చు.

ఒక గుడ్డు పచ్చసొన, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం, 150 మిల్లీలీటర్ల నూనె తీసుకున్నామనుకుందాం. పచ్చసొన బరువులో దాదాపు సగం నీరే. దానికి నిమ్మరసంలోని నీటిని చేర్చినా మొత్తం 25 మిల్లీలీటర్లకు మించదు. అంటే కొద్దిపాటి నీటిలో దానికి ఆరింతల నూనె ఇమడాలి. నూనె కంటికి కనిపించనంత సన్నని బిందువులుగా చీలి, ఒక్కో బిందువు చుట్టూ పలుచని నీటిపొర నిలిచినప్పుడే ఇది సాధ్యపడుతుంది. పచ్చసొనలోని లెసిథిన్, మాంసకృత్తులు ఆ బిందువులకు తొడుగులా ఏర్పడి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అడ్డుకుంటాయి. ఇలాంటి మిశ్రమాన్నే ఎమల్షన్ అంటారు. మీగడ కూడా ఎమల్షనే. దానిని చిలికి వెన్న తీయడమంటే మనం కావాలని ఎమల్షన్‌ను విరగ్గొట్టడమే.

మయొనైజ్ సాధారణంగా మొదటి రెండు మూడు స్పూన్ల నూనె దగ్గరే విరుగుతుంది. గిలకొట్టే వేగం కంటే నూనె పోసే వేగం ఎక్కువైతే పెద్ద బిందువులు చీలకుండా మిగిలిపోతాయి. అవి పక్కవాటితో కలిసి ఇంకా పెద్దవవుతాయి. చివరకు నీటిలో నూనె ఉండవలసింది పోయి, నూనెలో నీరు ముక్కలుగా మిగులుతుంది. తొలి దశలో నూనెను చుక్కలుగానే వేయమనడానికి కారణమిదే. మిశ్రమం చిక్కబడ్డాక సన్నని ధారగా పోసినా తట్టుకుంటుంది. అన్నీ సక్రమంగా చేసినా, ఆ కాస్త నీటికి మోయలేనంత నూనె పోస్తే చివర్లోనూ విరుగుతుంది.

విరగబోయే ముందు హెచ్చరిక కనిపిస్తుంది. ముద్ద మరీ బిగుసుకొని, పైన జిడ్డు మెరుపు వస్తుంది, అంచుల వెంట నూనె ఊరుతుంది. అప్పుడే నూనె పోయడం ఆపి, ఒక టీస్పూన్ నీరు వేసి గిలకొడితే సరిపోతుంది. ఆ దశ దాటితే ముద్ద పలుచనై, నూనెలో పసుపురంగు పలుకులు తేలినట్లు కనిపిస్తుంది. ఇక అదే గిన్నెలో ఎంతసేపు గిలకొట్టినా ఫలితం ఉండదు. చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది.

అప్పుడు శుభ్రమైన వేరే గిన్నె తీసుకోవాలి. అందులో ఒక టేబుల్ స్పూన్ నీరు పోసి, విరిగిన మిశ్రమాన్ని బాగా కలియబెట్టి అందులోంచి ఒక్క టీస్పూన్ మాత్రమే వేసి గిలకొట్టాలి. అది తెల్లబడి నునుపుగా మారిన తర్వాతే రెండో స్పూన్ వేయాలి. మూడో వంతు కలిసేదాకా ఈ నిదానం తప్పదు. ఆ తర్వాత కొంత వేగం పెంచవచ్చు. కొత్త పచ్చసొనతో మొదలుపెట్టాలని చాలామంది చెబుతారు. అది పనిచేస్తుంది, కానీ తప్పనిసరి కాదు. లెసిథిన్ విరిగిన మిశ్రమంలోనే ఉంది. కావలసింది నీరు, ఓపిక.

కరిగించిన వెన్నతో వేడిగా చేసే ఫ్రెంచి సాస్ హాలండేజ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది రెండు విధాలుగానూ విరుగుతుంది. వెన్న వేరుపడి, మిగిలినది నునుపుగానే ఉంటే పొయ్యి మీద నుంచి దించి, ఒక స్పూన్ గోరువెచ్చని నీటిలోకి పైన చెప్పినట్లే కొద్దికొద్దిగా కలపాలి. వేడి సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం పచ్చసొన ఉడికి, నాలుకకు పలుకులు తగులుతాయి. ఇది పాలు విరగడం వంటిదే. ఉడికిన గుడ్డు వెనక్కి రాదు. వడకట్టి పలుకులు తీసివేసి, మిగిలిన వెన్నను గోరువెచ్చని కొత్త పచ్చసొనలోకి కలుపుకోవలసిందే.

ఈ పద్ధతులు సాస్ రూపాన్ని సరిచేస్తాయి, సురక్షితం చేయవు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది ఆ భయంతోనే. గంటల తరబడి గది ఉష్ణోగ్రతలో ఉండి విరిగినదాన్ని కలపడం కంటే పారవేయడం మేలు. గుడ్డు వద్దనుకునేవారు పాలు, నూనె కలిపి మిక్సీలో చేసుకునే మయొనైజ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అది విరిగితే రెండు స్పూన్ల చల్లని పాలు వేరుగా తీసుకొని, మిక్సీ తిరుగుతుండగా విరిగినదాన్ని కొద్దికొద్దిగా పోయాలి. ఏ మయొనైజ్‌నైనా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు గానీ డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. నీరు గడ్డకట్టి ఆ తొడుగులను చీల్చడంతో, కరిగేసరికి నూనె పైకి తేలుతుంది.