వాచీకి ఏది, ఫోన్‌కి ఏది?

స్మార్ట్‌వాచీకి తొలిసారి యాప్ రాసేవాళ్లు చాలామంది ఫోన్‌లో ఉన్నదంతా తెచ్చి ఆ చిన్న తెరలో ఇరికించబోతారు. వాచీలో ఏం పెట్టాలో తేలాలంటే ముందు ఒక మాట అడగాలి: ఫోన్ దగ్గర లేనప్పుడు కూడా ఇది జరిగి తీరాలా? బీపీ, షుగర్ మాత్రలు గుర్తుచేసే యాప్‌ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఫోన్ యాప్ తయారుగా ఉంది. మందుల పేర్లు, వేళలు, డాక్టరు చీటీ ఫొటో, నెల రోజుల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు గూగుల్ వేర్ ఓఎస్ వాచీకి దాని జోడీ యాప్ కావాలి.

నిజానికి మొదటి అడుగులో వాచీ కోసం ఏమీ రాయక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వచ్చే నోటిఫికేషన్ జత చేసిన వాచీలోనూ దానంతటదే కనిపిస్తుంది. ఫోన్ నోటిఫికేషన్‌కి ‘వేసుకున్నా’, ‘కాసేపాగి’ అని రెండు బటన్లు తగిలిస్తే అవి కూడా వెంట వస్తాయి. చాలా యాప్‌లు ఇక్కడితో ఆగిపోతే నష్టమేమీ లేదని నా అభిప్రాయం.

మన మాత్రల యాప్‌కి మాత్రం ఇది చాలదు. పెద్దావిడ ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి పార్కుకి నడకకు వెళ్లింది. బ్లూటూత్ అందనంత దూరం పోయాక ఫోన్ నోటిఫికేషన్ వాచీకి చేరకపోవచ్చు. అందుకని అలారం వాచీలోనే మోగాలి, అంటే మందుల వేళల నకలు ఒకటి వాచీలో ఉండాలి. తెర మీద తర్వాతి మాత్ర పేరు, ఎన్ని వేసుకోవాలో, ఆ రెండు బటన్లు ఉంటే చాలు. కొత్త మందు చేర్చడం, మోతాదు మార్చడం, పాత లెక్కలు చూడడం ఫోన్ పనులు. మందు ఆపేసే బటన్ వాచీలో అసలు ఉండకూడదు. నడుస్తూ పొరపాటున వేలు తగిలితే మాత్ర ఆగిపోతుంది. ఆ పని డాక్టరు చీటీ ముందు పెట్టుకుని, పెద్ద తెర మీద చేసుకోవలసినది.

ఇక అసలు చిక్కు ఈ రెండింటి మధ్య కబురు నడపడంలో ఉంది. వేర్ ఓఎస్‌లో దానికి రెండు దారులున్నాయి. `MessageClient` అప్పటికప్పుడు సందేశం పంపుతుంది. అవతలి పరికరం అందుబాటులో లేకపోతే ఆ సందేశం పోయినట్టే. `DataClient` సమాచారాన్ని దాచి ఉంచి, రెండూ మళ్లీ కలిసినప్పుడు చేరవేస్తుంది. పార్కులో ఆవిడ ‘వేసుకున్నా’ నొక్కింది. ఆ కబురు మొదటి దారిన పంపామనుకోండి, ఫోన్‌కి చేరనే చేరదు. ఇంటికొచ్చి ఫోన్ చూస్తే పొద్దుటి మాత్ర బాకీ ఉన్నట్టే కనిపిస్తుంది. పాపం, ఆవిడ రెండో మాత్ర వేసుకునే ప్రమాదముంది. కాబట్టి ఇక్కడ `DataClient` వాడి తీరాలి. అందులోనూ `setUrgent()` అని చెప్పకపోతే బ్యాటరీ ఆదా కోసం వ్యవస్థ ఆ సమాచారాన్ని అరగంట దాకా ఆపవచ్చు.

ఇంకో సంగతి. ఒక్కో మోతాదుకి తేదీ, వేళ కలిపి ఒక గుర్తు పెట్టండి. ఫోన్‌లో నొక్కినా వాచీలో నొక్కినా అదే గుర్తు కింద నమోదైతే, ఒకే మాత్ర రెండుసార్లు లెక్కకు రాదు.

వాచీ సొంతంగా మోగడం మొదలుపెట్టాక, ఫోన్ నోటిఫికేషన్ కూడా వచ్చిపడి చెయ్యి రెండుసార్లు అదురుతుంది. ఫోన్ నోటిఫికేషన్‌కి `setLocalOnly(true)` పెడితే అది వాచీకి రాదు, ఫోన్‌లో మాత్రం మోగుతుంది. వాచీ తీసి పక్కన పెట్టిన రోజు ఆ మోతే ఆసరా. వాచీ నుంచి ‘వేసుకున్నా’ అన్న నమోదు అందగానే ఫోన్ తన నోటిఫికేషన్‌ని తీసేయాలి.

పరీక్షించేటప్పుడు రెండు పరికరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంటే అన్నీ చక్కగానే కనిపిస్తాయి. ఫోన్‌లో బ్లూటూత్ ఒక్కటే ఆపితే సరిపోదు, వైఫై మీదుగా కూడా సమాచారం చేరవచ్చు. ఫోన్‌ని పూర్తిగా స్విచాఫ్ చేసి, వాచీలో అలారం మోగుతుందో లేదో చూడండి. ‘వేసుకున్నా’ నొక్కి, తర్వాత ఫోన్ ఆన్ చేయండి. కాసేపట్లో ఆ మోతాదు ఒకే ఒక్కసారి నమోదై కనిపించాలి. ఎంత చూసినా ఏ కబురూ రాకపోతే, ఎర్రర్ కూడా కనిపించకపోతే, ముందుగా ప్యాకేజీ పేరూ సంతకం తాళమూ చూసుకోండి. ఫోన్ యాప్‌కీ వాచీ యాప్‌కీ ఆ రెండూ ఒకటే కాకపోతే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

మొదలుపెట్టే ముందు వాడబోయేవాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉందో కనుక్కోండి. పిక్సెల్ వాచీ ఐఫోన్‌తో జతకాదు, యాపిల్ వాచీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో జతకాదు. ఐఫోన్ ఉన్న ఇంటికి యాపిల్ వాచీ కోసం విడిగా యాప్ రాయాల్సిందే.