‘ఏఐ రాసింది’ అనే శాతం వెనుక లెక్క

నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో చదివేవారిలో చాలామంది బడి చదువు తెలుగు మీడియంలోనే సాగింది. పీజీకో పరిశోధనకో వచ్చేసరికి ప్రాజెక్టు రిపోర్టూ సిద్ధాంత గ్రంథమూ ఇంగ్లీషులో రాయాల్సి వస్తుంది. ఇలాంటి విద్యార్థి రాసిన పేజీలను ఏఐ డిటెక్టర్‌లో వేస్తే తెరమీద ఒక శాతం కనబడుతుంది. ఆ శాతం ఎలా పుడుతుందో తెలియాలంటే రెండు కొలతలు అర్థమైతే చాలు.

మొదటి కొలత: తర్వాతి మాట ఎంత ఊహించదగినది?

భాషా మోడల్ కోట్ల కొద్దీ వాక్యాలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంతో అంచనా వేయడం నేర్చుకుంటుంది. వాక్యం రాసేటప్పుడు ఎక్కువగా అవకాశం బాగా ఉన్న మాటలనే ఎంచుకుంటుంది. డిటెక్టర్ ఇదే పనిని వెనకనుంచి చేస్తుంది. మీరు రాసిన వాక్యాన్ని ఒక మోడల్‌కు ఇచ్చి, ఒక్కో మాట దగ్గరా ‘ఇది వస్తుందని నువ్వు ఎంతవరకు అనుకున్నావు?’ అని లెక్క తీస్తుంది.

నల్గొండ ఫ్లోరైడ్ సమస్య మీద ఇద్దరు ప్రాజెక్టు రాస్తున్నారనుకుందాం. ఇద్దరి వాక్యమూ ‘ఫ్లోరైడ్ వల్ల’ అనే మొదలైంది. కింది అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి మాత్రమే.

మొదటివారు ‘ప్రజలు అనేక ఇబ్బందులు పడుతున్నారు’ అని ముగించారు. ‘ప్రజలు’ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, ‘అనేక’ ఎనిమిదింట ఒకటి, ‘ఇబ్బందులు’ నాలుగింట ఒకటి, ‘పడుతున్నారు’ రెండింట ఒకటి అనుకుందాం. 4, 8, 4, 2 గుణిస్తే 256. మాటలు నాలుగు కాబట్టి దాని నాలుగో మూలం తీయాలి. 4ను నాలుగుసార్లు గుణిస్తే 256 వస్తుంది కనుక జవాబు 4.

రెండోవారు ‘మా నానమ్మ కూర్చునే నిద్రపోయేది’ అని రాశారు. ఇక్కడ అవకాశాలు వరుసగా పదింట, ఇరవయ్యింట, నూరింట, ఎనిమిదింట ఒకటి అనుకుందాం. గుణిస్తే 1,60,000. నాలుగో మూలం 20.

ఈ అంకెను పర్‌ప్లెక్సిటీ అంటారు. 4 అంటే ప్రతి మాట దగ్గరా మోడల్ సగటున నాలుగు మాటల మధ్య తేల్చుకోవలసి వచ్చిందని అర్థం. 20 అంటే ఇరవై మాటల మధ్య. అంకె తగ్గేకొద్దీ డిటెక్టర్ అనుమానం పెరుగుతుంది. మొదటి వాక్యం రాసినదీ మనిషే కావచ్చు. అందరూ రాసేలా రాయడం వల్లే దాని అంకె తగ్గింది.

రెండో కొలత: వాక్యానికీ వాక్యానికీ ఎంత తేడా?

మనిషి రాతలో ఒక వాక్యం సాదాగా ఉంటే మరోటి అనుకోని మలుపు తిరుగుతుంది. ఒక పేరాలో ఐదు వాక్యాల పర్‌ప్లెక్సిటీ 5, 30, 10, 45, 10 అనుకుందాం. సగటు 20. ఒక్కో అంకె ఈ సగటుకు ఎంత దూరంలో ఉందో చూస్తే 15, 10, 10, 25, 10 వస్తాయి. వాటి సగటు 14. మరో పేరాలో 8, 9, 7, 8, 8 ఉంటే సగటు 8, దానినుంచి సగటు దూరం 0.4 మాత్రమే. ఈ హెచ్చుతగ్గుల కొలతనే బర్స్టీనెస్ అంటున్నారు. 2023 జనవరిలో ప్రిన్స్‌టన్ విద్యార్థి ఎడ్వర్డ్ టియాన్ తెచ్చిన జీపీటీజీరో ఈ రెండు కొలతలతోనే పేరు తెచ్చుకుంది.

శాతం ఎక్కడినుంచి వస్తుంది?

తయారీదారులు మనుషులు రాసినవీ యంత్రం రాసినవీ వేల నమూనాలు పోగుచేసి, ఏది ఎవరిదో చెప్పి డిటెక్టర్‌కు శిక్షణ ఇస్తారు. మీ రాత కొలతలు ఏ గుంపు కొలతలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి అది శాతం చెబుతుంది. కొన్ని డిటెక్టర్లలో 80 శాతం అంటే ‘యంత్రం రాసి ఉండే సంభావ్యత’. మరికొన్నింటిలో ‘రాతలో ఇంత భాగం యంత్రానిదిగా కనబడింది’ అని అర్థం. రిపోర్టు చేతికి రాగానే ఈ రెండింటిలో ఏదో చూసుకోవాలి.

దీన్ని కాపీ శాతంతో కలపకూడదు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. ఆ శాతం వెనుక ఏ పుస్తకంలోని ఏ వాక్యంతో పోలిందో చూపే ఆధారం ఉంటుంది, విద్యార్థి తెరిచి సరిచూసుకోవచ్చు. ఏఐ శాతం వెనుక అలాంటి మూలం ఏదీ ఉండదు.

లెక్క ఎవరిమీద పడుతుంది?

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరి 31న ఒక డిటెక్టర్ విడుదల చేసింది. తమ ఇంగ్లీషు పరీక్షలో అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్నే పట్టుకుందనీ, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివిగా పొరబడిందనీ ఆ సంస్థే ప్రకటించింది. కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది.

ఈ అంకెలను ఒక కాలేజీకి వర్తింపజేసి చూద్దాం. 200 మంది రిపోర్టులు ఇచ్చారు, వారిలో 20 మంది ఏఐతో రాయించుకున్నారు అనుకుందాం. ఆ 20లో 26 శాతం అంటే దాదాపు ఐదుగురు దొరుకుతారు. సొంతంగా రాసిన 180 మందిలో 9 శాతం అంటే పదహారు మంది ఇరుక్కుంటారు. డిటెక్టర్ వేలు చూపిన 21 మందిలో 16 మంది నిర్దోషులు. నిజాయితీగా రాసినవారి సంఖ్య పెద్దది కావడంవల్ల చిన్న పొరపాటు శాతం కూడా ఇంతమందిని పట్టేస్తుంది. తర్వాత వచ్చిన డిటెక్టర్లు మెరుగైనా ఈ లెక్క తీరు మారదు. పొరపాటు రేటు 1 శాతానికి తగ్గినా, సొంతంగా రాసిన ప్రతి వెయ్యిమందిలో పదిమంది అనుమానితులవుతారు.

ఆ పొరపాటు అందరిమీదా సమానంగా కూడా పడదు. 2023లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాసినవన్నాయి. 18 వ్యాసాల విషయంలో ఏడూ ఒకే తప్పు చేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు తప్పు లేకుండా గుర్తించాయి. నేర్చుకున్న భాషలో రాసేవారు తెలిసిన కొద్ది మాటలనే, వ్యాకరణ పుస్తకంలోని వాక్యాలనే వాడతారు. పర్‌ప్లెక్సిటీ తగ్గుతుంది, హెచ్చుతగ్గులూ తగ్గుతాయి. అవే పరిశోధకులు ఆ వ్యాసాల పదజాలాన్ని పెంచి మళ్లీ పరీక్షిస్తే పొరపాట్లు 12 శాతం దగ్గరకు పడిపోయాయి. అంటే ఆ డిటెక్టర్లు కొలిచినదాంట్లో రాసినవారి పదసంపద కూడా ఉంది. తెలుగు మీడియంనుంచి వచ్చి ఇంగ్లీషులో సిద్ధాంత గ్రంథం రాసే పాలమూరు, నల్గొండ విద్యార్థుల పరిస్థితి ఆ వ్యాసాలు రాసినవారి పరిస్థితికి చాలా దగ్గర.

తెలుగులో రాస్తే ఇబ్బంది తీరుతుందనీ కాదు. ఈ సాధనాల శిక్షణ ప్రధానంగా ఇంగ్లీషు నమూనాలతో జరిగింది. మోడళ్లు చదివిన తెలుగు తక్కువ కాబట్టి, ఏ తెలుగు మాట మామూలుదో ఏది అరుదో అంచనా వేసే బలం వాటికి అంతగా లేదు. ఇంగ్లీషు నమూనాలతో గీసిన గీతను తెలుగు రాతకు పెడితే ఆ శాతానికి అర్థం ఉండదు.

కాబట్టి అధ్యాపకులకు ఒక్క మనవి. ఏఐ శాతం ఎక్కువొస్తే దాన్ని తీర్పుగా తీసుకోకండి. విద్యార్థిని కూర్చోబెట్టి, రిపోర్టులోని ఈ అంకె ఎలా వచ్చింది, ఈ ఊరినే ఎందుకు ఎంచుకున్నావు అని అడగండి. పదినిమిషాల వైవా డిటెక్టర్ చెప్పలేనిది చెబుతుంది. విద్యార్థులు చిత్తుప్రతులనూ, సర్వే కాగితాలనూ, గూగుల్ డాక్స్‌లో రోజువారీ మార్పుల చరిత్రనూ చెరిపేయకుండా దాచుకోండి. మీ రాత మీదేనని చూపడానికి పనికొచ్చే ఆధారాలు అవే.