ఉంచడానికో రేటు, కదపడానికో రేటు

హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ దారుల్లో పెద్ద పెద్ద రేకుల షెడ్లు కనిపిస్తాయి. వాటిలో సబ్బుల నుంచి టైర్ల దాకా ఏదో ఒక సరుకు, చెక్క ప్యాలెట్ల మీద, ర్యాకుల్లో అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది. తమ సరుకు అక్కడ పెట్టాలనుకునే కంపెనీ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘నెలకు ప్యాలెట్‌కు ఎంత?’ చాలామంది గోదాము యజమానులు నెల ఖర్చంతా కూడి, ప్యాలెట్ల సంఖ్యతో భాగించి, కొంత లాభం కలిపి ఒక అంకె చెప్పేస్తారు. కూడిక తప్పు కాదు, భాగహారమూ తప్పు కాదు. అయినా ఆ అంకెను నమ్ముకున్న గోదాము రెండేళ్లలో నష్టాల్లో పడొచ్చు. ఎలాగో ఒక ఊహా గోదామును తీసుకుని చూద్దాం. అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవే గానీ, ఈ వ్యాపారంలో ఉన్నవారికి కొత్తగా అనిపించవు.

షెడ్డు 50 వేల చదరపు అడుగులు, లోపల ఎత్తు 10 మీటర్లు. అద్దె, మెయింటెనెన్సు, వాచ్‌మన్లు, దీపాల కరెంటు, బీమా, ఎలుకల మందు అన్నీ కలిపి చదరపు అడుక్కు నెలకు 27 రూపాయలు పడుతుందనుకుందాం. మొత్తం 13.5 లక్షలు. ఇందులో 10 వేల అడుగులు ర్యాకులకు దక్కవు. లారీలు ఆగే డాకుల వెనక సరుకు దించి, లెక్క చూసి, సర్దడానికి అంత చోటు కావాలి. మిగిలింది 40 వేల అడుగులు.

మన దగ్గర ఎక్కువగా వాడే ప్యాలెట్ 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే దాని నేల దాదాపు 13 చదరపు అడుగులే. కానీ ర్యాకులో దానికి పట్టే చోటు అంతకు మూడింతలు. పక్కపక్క ప్యాలెట్ల మధ్య ఖాళీ, ర్యాకు స్తంభాల మందం, రీచ్ ట్రక్ తిరగడానికి మూడు మీటర్ల దారి, అడ్డదారులు అన్నీ పంచితే ఒక్కో నేల స్థానానికి 40 అడుగులు లెక్క వస్తుంది. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ వాడితే దారి ఇంకో ముప్పావు మీటరో మీటరో పెరుగుతుంది, ఆ మేరకు ప్యాలెట్లు తగ్గుతాయి. అందుకే రీచ్ ట్రక్ ఖరీదైనా నేలను మిగిల్చి ఆ ఖరీదును రాబడుతుంది.

40 వేల అడుగుల్లో వెయ్యి నేల స్థానాలు. ఐదు అంతస్తులు వేస్తే 5,000 ప్యాలెట్లు. ర్యాకు ఒక్కో స్థానానికి 2,500 రూపాయల చొప్పున కోటీ పాతిక లక్షలు అవుతుంది. పదేళ్ల అరుగుదల, వడ్డీ, ఫోర్కు తగిలి వంగిన స్తంభాల మరమ్మతు కలిపితే నెలకు 1.7 లక్షలు. నిల్వ చోటుకు 40 వేల అడుగుల ఖర్చు 10.8 లక్షలు. రెండూ కలిపి 12.5 లక్షలు. ఐదు వేలతో భాగిస్తే స్థానానికి నెలకు 250 రూపాయలు.

మొదటి మోసం ఇక్కడే జరుగుతుంది. 250 అనేది గోదాము నూటికి నూరు శాతం నిండినప్పటి మాట. లాడ్జి యజమాని అన్ని గదులూ రోజూ నిండుతాయని లెక్క వేసుకోడు కదా. పైగా ఇలాంటి ర్యాకుల్లో 85, 90 శాతం దాటి నింపితే పని మందగిస్తుంది. వచ్చిన ప్యాలెట్‌కు దగ్గర్లో ఖాళీ స్థానం దొరకదు, ఎక్కడో మూలన పెట్టాల్సి వస్తుంది, రేపు దాన్ని తీయడానికి మళ్లీ అంత దూరం. అందుకని 85 శాతాన్నే నిండినట్టు లెక్కగట్టాలి. అప్పుడు సరుకు ఉన్న ప్యాలెట్లు 4,250, ఒక్కోదానికి 294 రూపాయలు. సీజను లేక 60 శాతానికి పడితే 417. ఖర్చు పైసా మారలేదు, భాగించే అంకె మాత్రమే మారింది.

సాఫ్ట్‌వేరు చూపే ఆక్యుపెన్సీని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఒక రాత్రి షిఫ్టు ముగిశాక టార్చి పట్టుకుని వరసల మధ్య నడిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మీటరున్నర ఎత్తున్న స్థానంలో మోకాలి ఎత్తు సరుకుతో కూర్చున్న ప్యాలెట్లు, ఒకే రకం సరుకు రెండు మూడు అరకొర ప్యాలెట్లుగా వేర్వేరు చోట్ల ఉండడం, ఎప్పుడో వెళ్లిపోయిన సరుకు తాలూకు ఉత్త చెక్క పలకలు. సిస్టమ్‌లో అన్నీ ‘నిండినవే’. కస్టమరుకు బిల్లయ్యేది సరుకున్న ప్యాలెట్‌కు గానీ స్థానానికి కాదు గనుక ఆ గాలికి అద్దె కట్టేది యజమానే.

ఇక కదిపే ఖర్చు. మన గోదాములోకి నెలకు 4,000 ప్యాలెట్లు వస్తాయి, 4,000 పోతాయి. సగటు నిల్వ 4,250 కాబట్టి ఒక్కో ప్యాలెట్ నెలకు కాస్త పైగా ఉంటున్నట్టు. 26 పనిరోజుల్లో రోజుకు దాదాపు 310 సార్లు ర్యాకులో పెట్టడమో తీయడమో జరగాలి. రీచ్ ట్రక్ కాగితం మీద గంటకు పాతిక చేస్తుంది. ఐదో అంతస్తుకు ఫోర్కులు ఏడు మీటర్లు లేచి, ప్యాలెట్ నిలకడగా కూర్చుని, మళ్లీ దిగేసరికి పట్టే సమయం లెక్కలోకి తీసుకుంటే 15 అనుకోవడం క్షేమం. అంటే రోజుకు 20 గంటలకు పైగా పని. ఎనిమిది గంటల షిఫ్టులో టీలు, బ్యాటరీ, షిఫ్టు మార్పు పోను ఆరు గంటలు నికరంగా దొరుకుతాయి. రెండు బండ్లు, రెండు షిఫ్టులు ఉంటే సరిపోతుంది.

రెండు రీచ్ ట్రక్కులు, మూడు బ్యాటరీ ప్యాలెట్ ట్రక్కుల అద్దె, చార్జింగ్ కలిపి 1.9 లక్షలు. నలుగురు ఆపరేటర్లు, ఇరవై మంది లోడింగ్ పనివాళ్లు, నలుగురు సూపర్‌వైజర్లు, కంప్యూటర్ మనుషులకు పీఎఫ్, ఈఎస్ఐతో కలిపి 5.8 లక్షలు. చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్, లేబుళ్లు, సాఫ్ట్‌వేరుకు 60 వేలు. వీటికి ఇందాక పక్కన పెట్టిన డాకు చోటు 10 వేల అడుగుల ఖర్చు 2.7 లక్షలు కలపాలి. చాలామంది దీన్ని నిల్వ ఖర్చులో వేస్తారు. కానీ ఆ చోటు కదలిక కోసం ఉన్నది. లారీలు రాకపోతే దాని అవసరమే లేదు. మొత్తం 11 లక్షలు. నాలుగు వేలతో భాగిస్తే, వచ్చి పోయే ఒక్కో ప్యాలెట్‌కు 275 రూపాయలు. రాకపోకలు మూడు వేలకు పడితే ఇది 360 దాటుతుంది. జీతాలు నెలవారీవి కాబట్టి పనితో పాటు తగ్గవు.

ఈ 275లో కూడా సగటు ఒక నిజాన్ని కప్పేస్తుంది. మన లారీల్లో సరుకు చాలావరకు ప్యాలెట్ల మీద రాదు, విడి పెట్టెలుగా వస్తుంది. 32 అడుగుల లారీలో 900 పెట్టెలు ఉన్నాయనుకుందాం. ఆరుగురు రెండున్నర గంటలు కష్టపడి దించి, ప్యాలెట్‌కు 45 చొప్పున పేర్చితే 20 ప్యాలెట్లు. మొత్తం 15 పని గంటలు. నెలకు 18 వేల మనిషి రోజుకు 692 రూపాయలు. లారీల కోసం ఎదురుచూపులు పోను రోజుకు అయిదు గంటలే నికర పని దొరికితే గంట విలువ 138. దించడానికే ప్యాలెట్‌కు దాదాపు 104 రూపాయలు. అదే సరుకు ప్యాలెట్ల మీదే వస్తే ఇద్దరు అరగంటలో దించేస్తారు, కూలి తొమ్మిది రూపాయలు దాటదు. మరి అందరూ అలాగే ఎందుకు పంపరు? ఆ లారీలో ప్యాలెట్లు నేల మీద 16 మించి పట్టడం కష్టం. నాలుగు ప్యాలెట్ల సరుకు వెనకబడుతుంది. గోదాములో మిగిలిన డబ్బు దారిలో లారీ కిరాయికి పోతుంది. దూరం నుంచి వచ్చే సరుకుకు విడి పెట్టెలే గిట్టుబాటు కావచ్చు, దగ్గరి ఫ్యాక్టరీకి ప్యాలెట్లే నయం. రేటు మాత్రం రెంటికీ వేర్వేరుగా ఉండాలి.

ఇప్పుడు ఆ ఒక్క అంకె సంగతి. నిల్వ 12.5, కదలిక 11 కలిపి 23.5 లక్షలు. 4,250తో భాగిస్తే ప్యాలెట్‌కు నెలకు 553 రూపాయలు. లాభం ఊసెత్తకుండా, ఇదే అందరికీ రేటుగా పెట్టామనుకుందాం. ఒక టైర్ల కంపెనీ ప్యాలెట్ మూడు నెలలు కదలకుండా ఉంటుంది. దాని బిల్లు 1,659. అసలు ఖర్చు మూడు నెలల నిల్వ 882, ఒక రాకపోక 275, మొత్తం 1,157. ఐదొందలు ఎక్కువ కడుతోంది. ఒక బిస్కెట్ల కంపెనీ స్థానంలో పది రోజులకో ప్యాలెట్ మారుతుంది. నెలకు ఆ స్థానానికి బిల్లు 553. అసలు ఖర్చు నిల్వ 294, మూడు రాకపోకలకు 825, కలిపి 1,119. సగం కూడా రావడం లేదు.

టైర్ల కంపెనీ పక్క గోదాములో ధర వాకబు చేసి ఒకరోజు వెళ్లిపోతుంది. బిస్కెట్ల కంపెనీ మాత్రం సంతోషంగా ఇంకో మూడొందల స్థానాలు అడుగుతుంది. గోదాము నిండుగానే కనిపిస్తుంది, హమాలీలకు తీరిక ఉండదు, ఓవర్‌టైమ్ పెరుగుతుంది, నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలదు. ఆక్యుపెన్సీ తగ్గకుండా ఓవర్‌టైమ్ మాత్రమే పెరుగుతున్న గోదాముల్లో ముందు చూడాల్సింది పనివాళ్ల బద్ధకాన్ని కాదు, రేటు కార్డును.

ఒకే అంకె చెల్లే చోట్లు లేకపోలేదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో బస్తాకు సీజనుకు ఇంత అని ధర ఉంటుంది. బస్తా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. అందరి సరుకూ ఒకేలా కదులుతుంది కాబట్టి కలిపి చెప్పినా ఎవరికీ అన్యాయం జరగదు. పన్ను విషయంలో మాత్రం అక్కడో మెలిక ఉంది. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు జీఎస్టీ మినహాయింపు. కస్టమరు దగ్గర పన్ను వసూలు చేయని గోదాము తాను అద్దె మీద కట్టిన జీఎస్టీని వెనక్కి తీసుకోలేదు. మామూలు గోదాముకు ఖర్చు కాని ఆ పన్ను, ధాన్యమో మిర్చో దాచే గోదాముకు చదరపు అడుగు ఖర్చులోకి వచ్చి చేరుతుంది. దాన్ని కలపడం మరచిన లెక్కలో ప్యాలెట్ ధర ఉత్తినే తక్కువగా కనిపిస్తుంది.

రెండు రేట్లు పెట్టాక కూడా ఖాళీ స్థానాల భయం యజమానిదే. అందుకని పెద్ద కస్టమర్లతో కనీస గ్యారంటీ రాయించుకుంటారు: సరుకు ఉన్నా లేకున్నా నెలకు ఇన్ని స్థానాలకు డబ్బు కట్టాల్సిందే. అలా గ్యారంటీ ఇచ్చినవారికి 294 కాకుండా 250కి దగ్గరగా రేటు ఇవ్వడం న్యాయమే, వాళ్ల ఖాళీల బరువు వాళ్లే మోస్తున్నారు గనుక. దసరా, దీపావళి ముందు గ్యారంటీకి మించి వచ్చే ప్యాలెట్లకు మాత్రం రేటు పెంచాలి. అప్పటికి గోదాము 90 శాతం దాటి ఉంటుంది, ఆ చివరి ప్యాలెట్లు ఒక్కోటీ రీచ్ ట్రక్‌ను మూలమూలలా తిప్పుతాయి.