ముందే పడిన సెమికోలన్

రాత్రి 12 గంటల 5 నిమిషాలకు ఫోను మోగింది. అవతల మా టీములో చేరి ఐదు నెలలైన కుర్రాడు.

“అన్నా, ఆర్డర్లన్నీ పోయాయి.”

“సర్వరు పడిపోయిందా?”

“లేదన్నా. నేనే కొట్టేశాను.”

ఓ మందుల హోల్‌సేల్ వ్యాపారికి మేం సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లం. మెడికల్ షాపులవాళ్లు రాత్రి షట్టర్ దించేముందు మర్నాటికి కావలసిన మందులు యాప్‌లో ఆర్డర్ పెడతారు. తెల్లవారుజామున 5 గంటలకు వ్యాన్లు సరుకు వేసుకుని బయల్దేరాలి. ఏ షాపుకి ఏం వెయ్యాలో చెప్పేది `orders` అనే పట్టిక ఒక్కటే. అది ఖాళీ అయిపోయింది.

వాడు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. పరీక్ష కోసం పెట్టిన దొంగ ఆర్డర్లు ఆరు ఉన్నాయి, అన్నీ 999 నంబరు కస్టమర్ పేరు మీద. వాటిని తీసెయ్యాలి. పగలు వాడకం ఎక్కువ కాబట్టి రాత్రి చేద్దామనుకున్నాడు. కమాండ్ ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాడు. మొదటి లైను రాసి అలవాటుగా సెమికోలన్ కొట్టాడు, ఆ తర్వాత షరతు గుర్తొచ్చి కింది లైనులో రాశాడు. పై సెమికోలన్ చెరపలేదు.

```
DELETE FROM orders;
WHERE customer_id = 999;
```

డేటాబేస్‌కి సెమికోలన్ అంటే “నా మాట అయిపోయింది, ఇక పని మొదలుపెట్టు” అని అర్థం. `DELETE FROM orders` అంటే ఆర్డర్ల పట్టికలోంచి వరుసలు కొట్టెయ్యమని. ఏ వరుసలు అనేది `WHERE` తర్వాత చెప్పాలి. చెప్పకపోతే అది మనల్ని తిరిగి అడగదు, అన్నీ కొట్టేస్తుంది. ఆ రెండు లైన్లూ కాపీ చేసి మైఎస్‌క్యూఎల్ తెర మీద అతికించాడు కుర్రాడు. తెర కదల్లేదు. ఆరు వరుసలు తియ్యడానికి రెప్పపాటు చాలు. పది సెకన్లు గడిచాయి, ఇరవై గడిచాయి. సర్వరు నెమ్మదిగా ఉందేమో అనుకుని చూస్తూ కూర్చున్నాడు.

ఆ కథంతటిలో నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోయేది ఆ ఎదురుచూపే. ఆ సమయంలో కంట్రోల్ సి నొక్కి ఉంటే పని మధ్యలో ఆగిపోయేది, అప్పటిదాకా కొట్టేసిన వరుసల్ని డేటాబేసే తిరిగి పెట్టేసేది. సగం పూర్తయిన కమాండ్‌ని అది ఎప్పుడూ సగంలో వదలదు. చిన్న పని పెద్ద సమయం తీసుకుంటోందంటే అది మనం అనుకున్న పని కాకపోవచ్చు. ఆ అనుమానం రావడానికి అనుభవం కావాలి, వాడికి ఐదు నెలలే.

చివరికి తెర మీద ఇది వచ్చింది:

```
Query OK, 214386 rows affected (41.27 sec)
```

దాని కిందే రెండో లైనుకి ఎర్రర్ వచ్చింది. `WHERE`తో మొదలయ్యే వాక్యం తనకు అర్థం కాలేదని డేటాబేస్ ఫిర్యాదు. ముందు వాడి కన్ను ఆ ఎర్రర్ మీదే పడిందట. కమాండ్ మొత్తం పని చెయ్యలేదులే అని ఊపిరి పీల్చుకుని, ఆ తర్వాత పై లైను చదివాడు. అప్పుడు టైము 11 గంటల 48 నిమిషాలు. `ROLLBACK` కొట్టి చూశాడు. అది చేసిన పనిని వెనక్కి తిప్పే కమాండే, కానీ ముందుగా `START TRANSACTION` అని మొదలుపెట్టిన పనికే వర్తిస్తుంది. అలా మొదలుపెట్టకపోతే మైఎస్‌క్యూఎల్ ప్రతి కమాండ్‌నీ అయిన వెంటనే ఖరారు చేసేస్తుంది. పావుగంట అటూ ఇటూ వెతికి నాకు ఫోను చేశాడు.

నేను మొదట అడిగింది డేటా గురించి కాదు. “రాత్రి బ్యాకప్ ఎన్నింటికి నడుస్తుంది?” అన్నాను. “రెండింటికన్నా.” “పాత ఫైలు ఉంచుతుందా, దాని మీదే రాసేస్తుందా?” వాడు కాసేపు మాట్లాడలేదు. దాని మీదే రాసేస్తుంది! ఇంకో రెండు గంటలు ఊరుకుంటే ఖాళీ పట్టికని బుద్ధిగా బ్యాకప్ తీసి, ముందురోజు మంచి కాపీని తుడిచేసేది. ముందు ఆ షెడ్యూల్ ఆపించాను. తర్వాత యాప్‌కి ‘మరమ్మతులో ఉంది’ బోర్డు పెట్టించాను. అప్పటికే 17 కొత్త ఆర్డర్లు ఖాళీ పట్టికలోకి వచ్చి చేరాయి.

“రెండో సర్వరు ఉంది కదన్నా, దాంట్లో ఉంటాయేమో” అన్నాడు ఆశగా. ఉండవు. రెండో సర్వరు మొదటిదాన్ని చూసి రాసే అద్దం లాంటిది. ఇక్కడ కొట్టేసింది కాసేపటికే అక్కడా కొట్టుకుపోతుంది. అది యంత్రం చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది గాని, మనిషి చెయ్యి జారినప్పుడు కాదు.

ఇక్కడ పాతకాలం షావుకారు కొట్టు గుర్తు చేసుకోవాలి. కొట్లో రెండు పుస్తకాలుండేవి. రోజంతా జరిగిన ప్రతి లావాదేవీ వరసగా చిట్టాలోకి ఎక్కేది. సాయంత్రం కూర్చుని ఎవరి ఖాతా కింద వారి పద్దు ఆవర్జాలోకి ఎత్తేవాళ్లు. ఆవర్జా చినిగిపోయినా చిట్టా ఉంటే మళ్లీ రాసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ దగ్గరా ఈ రెండూ ఉన్నాయి. మనం చూసే పట్టికలు ఆవర్జా. డేటాలో జరిగిన ప్రతి మార్పునీ జరిగిన వరసలో రాసుకునే బైనరీ లాగ్ చిట్టా. మేం వాడిన 8.0 వెర్షన్‌లో అది తనంతట తానే నడుస్తూ ఉంటుంది, ఎవరూ మార్చకపోతే 30 రోజుల పద్దు ఉంచుతుంది.

కుర్రాడికి అప్పుడో ఆలోచన వచ్చింది. చిట్టాలో కొట్టేసిన ప్రతి వరుసా పాత విలువలతో సహా ఉంటుంది కదా, వాటినే ఏరి తిరిగి చేరిస్తే సరిపోతుంది కదా అని. తెలివైన ఆలోచనే, చాలాచోట్ల పనిచేస్తుంది కూడా. మాకు పనిచెయ్యదు. ఒక్కో ఆర్డర్‌లో ఏయే మందులున్నాయో `order_items` అనే వేరే పట్టికలో ఉంటుంది. తల్లి ఆర్డర్ పోతే పిల్ల వరుసలూ పోవాలని రెండు పట్టికలకీ ముడి వేసి ఉంది. ఆ నలభై సెకన్లూ పట్టింది అందుకే. ముడి వల్ల లోపల్లోపల పోయిన పిల్ల వరుసల్ని ఆ వెర్షన్ చిట్టాలో రాయదు. చిట్టాని తిరగేసి చదివితే ఆర్డర్లు వస్తాయి, వాటిలోని మందులు రావు.

మిగిలింది పొడుగు దారి. ముందురోజు రాత్రి 2 గంటల బ్యాకప్‌ని వేరే యంత్రం మీద పెట్టాలి. అక్కణ్నుంచి 11 గంటల 47 నిమిషాల దాకా చిట్టాలో ఉన్నదంతా దాని మీద మళ్లీ నడిపించాలి. ఆ `DELETE` ముందు ఆపెయ్యాలి.

బ్యాకప్ ఎక్కడానికి 50 నిమిషాలు పట్టింది. ఆ ఫైలుని అంతకుముందు ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు, నాతో సహా. ఆ 50 నిమిషాలూ నాకు గిట్‌ల్యాబ్ కథే మెదిలింది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీరొకరు ఒక సర్వరు అనుకుని అసలు సర్వరు మీద డేటాబేస్ ఫోల్డర్‌ని చెరిపేశారు. బ్యాకప్ కోసం వెతికితే, వెర్షన్ తేడా వల్ల అది చాలాకాలంగా తయారే కావట్లేదని అప్పుడు తేలింది. తప్పు జరుగుతోందని చెప్పాల్సిన మెయిళ్లూ చేరట్లేదు. దాదాపు ఆరు గంటల ముందు ఇంకేదో పరీక్ష కోసం తీసిన కాపీ దొరకబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. బాగుచేసే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. నాకైతే అంత ధైర్యం లేదు.

మా ఫైలు బాగానే తెరుచుకుంది. ఇక `DELETE` ఎక్కడుందో చిట్టాలో పట్టుకోవాలి. చిట్టా మామూలుగా చదవడానికి వీలుకాని రూపంలో ఉంటుంది, `mysqlbinlog` అనే పనిముట్టు దాన్ని విప్పి చూపిస్తుంది. అందులో ప్రతి నమోదుకీ ముందు ఒక స్థానం నంబరు ఉంటుంది. 2 లక్షల వరుసలు ఒక్కసారి పోయిన చోటు పేజీలకు పేజీలు సాగుతుంది కాబట్టి కంటికి ఇట్టే ఆనింది. జాగ్రత్త పడాల్సింది మొదటి వరుస కొట్టేసిన చోటు దగ్గర కాదు, ఆ లావాదేవీ మొదలైన చోటు దగ్గర. ఆ నంబరు ఇచ్చి ఇలా నడిపాం:

```
mysqlbinlog --start-position=157 \
  --stop-position=73519044 \
  binlog.000412 binlog.000413 | mysql
```

మొదటి నంబరు బ్యాకప్ ఎక్కడ ఆగిందో చెబుతుంది. బ్యాకప్ తీసేటప్పుడే దాన్ని ఫైలు తలలో రాయించుకునే సదుపాయం ఉంది. ఎవరో పుణ్యాత్ములు అది పెట్టి ఉంచారు.

పది నిమిషాల్లో అయిపోయింది. ఆర్డర్లు లెక్కపెట్టమన్నాను. తెర మీద 214386 వచ్చింది. గంటన్నర ముందు వాడి గుండె ఆపిన అంకెే, మేం సరిగ్గా చేశామని చెప్పే సాక్ష్యమైంది.

తిరిగి అసలు సర్వరుకి చేర్చేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. `mysqldump`తో పట్టికని ఎత్తితే ఆ ఫైలు మొదట్లోనే, పాత పట్టిక ఉంటే తీసిపారెయ్యమనే ఆజ్ఞ ఉంటుంది. అలాగే నడిపితే కొత్తగా వచ్చిన 17 ఆర్డర్లూ పోయేవి. అందుకని `--no-create-info` పెట్టి వరుసలు మాత్రమే తెచ్చాం. కొత్త ఆర్డర్లతో నంబర్ల గొడవ రాలేదు. `DELETE` పట్టికని ఖాళీ చేసినా తర్వాతి నంబరు లెక్క చెడగొట్టదు, అదే `TRUNCATE` అయితే మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది.

2 గంటల 20 నిమిషాలకు బోర్డు తీశాం. అసలు పని ఇంకా మిగిలే ఉంది. ఈసారి వాడితోనే చేయించాను. `START TRANSACTION` కొట్టి, షరతుతో సహా ఒకే లైనులో రాసి, ఆరు వరుసలే పోయాయని చూసుకున్నాకే `COMMIT` కొట్టాడు. పట్టికలో 214397 ఆర్డర్లు మిగిలాయి.

కంప్యూటర్ తేల్చలేని చిక్కు పొద్దున బయటపడింది. ఆ 17 ఆర్డర్లలో ఐదు, తమ ఆర్డర్ మాయమైందని చూసి షాపులవాళ్లు రెండోసారి పెట్టినవి. ఏది నిజంగా కొత్తది, ఏది రెండోది అనేది ఏ చిట్టాలోనూ ఉండదు. తెల్లవారుజామున 4 గంటలకు గోడౌన్ గుమాస్తా ఒక్కొక్కరికే ఫోను చేసి తేల్చాడు. నిద్ర లేపినందుకు ఆయన తిన్న తిట్లు వేరే లెక్క.

కుర్రాడు ఉద్యోగంలోనే ఉన్నాడు. జరిగింది తనే యజమానికి చెప్పాడు. బ్యాకప్‌లు ఇప్పుడు ఏడు రోజులవి విడివిడిగా ఉంటాయి, నెలకోసారి ఒకదాన్ని వేరే యంత్రం మీద పెట్టి లెక్క చూస్తున్నాం. మైఎస్‌క్యూఎల్‌లో `--safe-updates` అనే ఏర్పాటుంది. అది పెడితే షరతు లేని `DELETE`ని డేటాబేస్ ఒప్పుకోదు. `WHERE id > 0` లాంటి ఉత్తుత్తి షరతు రాస్తే మాత్రం ఆపలేదు. ఆ ఏర్పాటుకి తయారీదారులే పెట్టిన ఇంకో పేరు `--i-am-a-dummy`, అంటే ‘నేనొక మొద్దుని’. రెండింటిలో ఏది రాసినా పని ఒకటే. మావాడు తన కంప్యూటర్లో రెండోదే రాసుకున్నాడు.