ఆదివారం చూసిన ప్లాటు బుధవారానికి ఏమవుతుంది?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి వెంచర్ గేటు ముందు రెండు కార్లు ఆగుతాయి. భార్యాభర్తలు, వెనక సీట్లో అమ్మమ్మ, టోపీ పెట్టుకున్న పిల్లాడు దిగుతారు. నలభై నిమిషాలు తిరుగుతారు, టెంటు కింద టీ తాగుతారు, లేఅవుట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. "బాగుందండీ, ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం" అని వెళ్లిపోతారు. చిన్న డెవలపర్ల కొంప ముంచేది ఈ ఒక్క మాటే. ఎదురుగా ఉన్నది ఇంట్లోవాళ్లే కదా, ఇక మాట్లాడుకునేది ఎవరితో?

లెక్క కోసం చౌటుప్పల్ దాటాక ఐదెకరాల వెంచర్ ఒకటి అనుకుందాం. ఎకరానికి 4,840 గజాల చొప్పున మొత్తం 24,200 గజాలు. రోడ్లకూ పార్కుకూ పోగా అమ్మకానికి మిగిలేది సుమారు 13,000 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు అరవై ఐదు. గజం 15,000 చొప్పున ఒక్కో ప్లాటు 30 లక్షలు. నెలలో 120 ఫోన్లు వచ్చాయి, 26 కుటుంబాలు సైటు చూశాయి, ఐదు టోకెన్లు పడ్డాయి, చివరికి మూడు బుకింగులు నిలిచాయి. ఇలాంటప్పుడు యజమాని చూపు 120 మీదికే పోతుంది. ఇంకో హోర్డింగ్ పెడదామా, ఇంకో ఏజెంటును పెట్టుకుందామా అని ఆలోచిస్తాడు. సైటుదాకా వచ్చి వెనక్కిపోయిన 21 కుటుంబాల సంగతి ఎవరూ రాసి పెట్టరు.

రాసి పెడితే తెలిసేది ఒకటుంది. చాలామంది ప్లాటు నచ్చక ఆగిపోరు. ఆ ప్రయాణంలో రావాల్సిన మనిషి ఒకరు రాకపోవడం వల్ల ఆగిపోతారు. డబ్బు సర్దే మామగారో, కాగితాలు చూసే బావమరిదో, వాస్తు చెప్పే సిద్ధాంతిగారో ఇంటి దగ్గరే ఉండిపోతారు. అందుకే అనుభవమున్న సేల్స్‌వాళ్లు శుక్రవారం ఫోన్‌లోనే అడిగేస్తారు: "సార్, కొనాలంటే మీ ఇంట్లో ఎవరెవరు చూడాలి? వాళ్లకి వీలైన రోజే పెట్టుకుందాం." ఒకోసారి ఈ ఆదివారం ట్రిప్పు వచ్చే ఆదివారానికి జరుగుతుంది. జరగనివ్వాలి. సగం కుటుంబంతో రెండుసార్లు తిరగడం కన్నా అందరితో ఒకసారి తిరగడం మేలు.

సైటు మీద చేయాల్సింది నిజానికి తక్కువ. గేటు దగ్గర రెరా నంబరు, లేఅవుట్ పర్మిట్ నంబరు ఉన్న బోర్డు కనబడాలి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన స్థలంలో లేఅవుట్ వేస్తే రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 'ప్రీ లాంచ్ ఆఫర్' అనే ముద్దుపేరు పెట్టినా చట్టం ఒప్పుకోదు. ఆ తర్వాత కావలసింది ఒక టేపు.

ఇక్కడ చాలామంది తడబడతారు. కొనేవాడు "కొలవచ్చా?" అంటే సేల్స్ కుర్రాడు "రాళ్లు పాతాం కదా సార్" అంటాడు. 34వ నంబరు ప్లాటు ముఖం 30 అడుగులు, లోతు 60 అడుగులు అనుకుందాం. టేపు లాగితే ముఖం 29 అడుగుల 8 అంగుళాలే వచ్చింది. మొన్న చదును చేయడానికొచ్చిన ట్రాక్టరు హద్దురాయిని పక్కకి నెట్టిందట. నాలుగంగుళాలే కదా అనిపిస్తుంది. 60 అడుగుల లోతుకి అది 20 చదరపు అడుగులు, రెండు గజాల పైచిలుకు, డబ్బులో 33 వేలు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది: ఆ క్షణం నుంచి ఆ అమ్మమ్మ ఈ వెంచర్‌లో ఏ మాటా నమ్మదు. శనివారం సాయంత్రం మేస్త్రీతో కలిసి, మర్నాడు చూపించబోయే నాలుగైదు ప్లాట్లు కొలిచి రాళ్లు సరిచేయించడానికి గంట చాలు.

ఏ ప్లాట్లు చూపించాలన్నదీ ముందే తేల్చుకోవాలి. లేఅవుట్ అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్లు, డ్రైనేజీ పూర్తిచేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లను హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లాంటి సంస్థలు తమ పేర తనఖా పెట్టించుకుంటాయి. పనులు పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చి, వాటిని విడుదల చేసేదాకా అవి అమ్మకానికి పనికిరావు. తూర్పు ముఖం, కార్నరు, పార్కు ఎదురు అని ఊరించి తీరా తనఖాలో ఉన్న ప్లాటునే చూపిస్తే, ఆ టోకెన్ పది రోజుల్లో వెనక్కి వస్తుంది. మన లెక్కలో నిలవని రెండు టోకెన్లలో ఒకటి ఇలాంటిదే. లేఅవుట్ షీటు మీద తనఖా ప్లాట్లకి వేరే రంగు వేసి పెడితే ఈ గొడవే ఉండదు.

రెండో టోకెన్ పోయిన కథ మామూలుది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. సోమవారం కొనేవాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ల ఈసీ, నాలా కన్వర్షన్ ఉత్తర్వు అడిగాడు. ఆఫీసులో ఒకటుంది, ఇంకోటి పార్ట్‌నర్ ఇంట్లో ఉంది, మూడోది "మీసేవకి పంపించాం". తొమ్మిది రోజులు గడిచాయి. ఈలోగా బావమరిది ఇంకో వెంచర్ చూశాడు. కాగితాలన్నీ ఒకే ఫైలుగా స్కాన్ చేసి, సైటు నుంచి కారెక్కేలోపే వాట్సాప్‌లో పంపేయాలి. దాంతోపాటు ఒక పేజీలో మొత్తం ఖర్చు ఉండాలి: ప్లాటు ధర, కార్నరుకి అదనం, కార్పస్ ఫండు, రిజిస్ట్రేషన్. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం. 30 లక్షల మీద అది 2 లక్షల 25 వేలు. ఈ అంకె చివర్లో బయటపడితే బేరం మళ్లీ మొదటికొస్తుంది.

సోమవారం సాయంత్రం చేసే ఫోన్‌లో "ఏమనుకున్నారు సార్?" అని అడిగితే "ఇంకా అనుకోలేదండీ" అనే వస్తుంది. "లాయరుగారు కాగితాలు చూశారా, ఏమైనా కావాలన్నారా?" అని అడిగితే పని కదులుతుంది. ఆ వచ్చిన జవాబును యథాతథంగా ఒక నోటుబుక్కులో రాయాలి. "లోను రాదేమోనని భయం", "వీధిపోటు అంటున్నారు", "రేటు ఎక్కువ". నెలాఖరున ఆ పేజీలు తిరగేస్తే 21 కుటుంబాల్లో ఏడెనిమిది మందిని ఆపింది ఒకే కారణమని తేలొచ్చు. ముగ్గురు వీధిపోటు అన్న ప్లాటును నాలుగోవాళ్లకి ముందుగా చూపించడం ఎందుకు?

హోల్డు అనేదానికీ ఒక పద్ధతి కావాలి. ఇద్దరు ఏజెంట్లు ఒకే ఆదివారం 34వ నంబరును ఇద్దరికి మాటిచ్చేయడం చిన్న వెంచర్లలో తరచూ జరిగేదే. ప్లాట్ల రిజిస్టరు ఒక్కటే ఉండాలి, అదీ ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఎవరి పేర, ఎన్నింటికి పెట్టారో రాసి, 48 గంటలకి దానంతటదే తెగిపోవాలి.

టోకెన్ డబ్బు ఏజెంటు సొంత ఫోన్‌పేకి వెళ్లకూడదు, కంపెనీ ఖాతాకే వెళ్లాలి. కొనేవాళ్లు మోసాన్ని పసిగట్టేది కూడా ఇక్కడే. అడ్వాన్సును 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ఊరుకోదు, అంతే మొత్తం జరిమానా పడుతుంది. ప్లాటు ధరలో పది శాతం దాటి, అంటే ఇక్కడ 3 లక్షలు మించి తీసుకోవాలంటే ముందు అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయాలి. రసీదులో ప్లాటు నంబరు, గజాలు, ముఖం, ఎప్పటిలోగా మానుకుంటే ఎంత వెనక్కిస్తారన్నదీ ఉండాలి. వెనక్కిస్తామని రాసిస్తే అందరూ అడుగుతారని కొందరు భయపడతారు. పాతిక వేలు ఎక్కడికీ పోవని తెలిసినవాళ్లే ఆదివారం సాయంత్రం ధైర్యంగా చెక్కు రాస్తారు.

తర్వాతి ఆదివారం అదే కారులో మామగారు కూడా దిగుతారు. రోడ్లూ పార్కూ ఆయనకి అక్కర్లేదు. నేరుగా 34 దగ్గరికి నడిచి, "టేపు ఇటివ్వు బాబూ" అంటారు. ముఖం ముప్పై అడుగులూ వస్తుంది.