రీడింగ్ కార్నర్: పుస్తకం వెనక చీటీ చెప్పే కథ

చాలా ప్రభుత్వ బళ్ళలో బీరువా తెరిస్తే కథల పుస్తకాలు కనిపిస్తాయి. కొన్ని ప్రభుత్వం పంపినవి, కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఇచ్చినవి, కొన్ని ఊళ్ళో ఎవరో పెద్దమనిషి కొనిచ్చినవి. వాటిని తరగతి గదిలో ఒక మూలన పెట్టి రీడింగ్ కార్నర్ అని రాయడం ఒక్క పూట పని. కానీ రెండు నెలలు గడిచాక ఆ మూలకు వెళ్ళి చూస్తే, ఆరేడు పుస్తకాలు నలిగి చిరిగి ఉంటాయి, మిగతావి దుమ్ము పట్టి ఉంటాయి. పిల్లలకు చదవాలని లేదని మనం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు జరిగేది వేరు. ఏ పుస్తకం ఏ పిల్లకు అందుతుందో ఎవరూ చూడలేదు, ఇంటికి ఇవ్వడానికి భయపడ్డారు, ఒకసారి పెట్టినవాటిని మళ్ళీ మార్చలేదు.

మూడో తరగతిలో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, బీరువాలో నూట యాభై పుస్తకాలు ఉన్నాయనుకుందాం. వాటిలో అరవై పుస్తకాలే బయట పెట్టాలి. అంటే పిల్లకు రెండు చొప్పున, ఇంకో నాలుగు ఎక్కువ. మిగతా తొంభై పెట్టెలో ఉండాలి. అన్నీ ఒక్కసారే పరిస్తే పిల్లలు దేన్నీ సరిగ్గా చూడరు, నెల తర్వాత కొత్తగా పెట్టడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

ముందు పుస్తకాలను స్థాయిల వారీగా విడదీయాలి. కొన్ని పుస్తకాల అట్ట మీద స్థాయి అచ్చు వేసే ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలు ఉన్నాయి. అవి మంచి ఆధారమే, కానీ పదాల సంఖ్యను, వాక్యం పొడవును చూసి పెట్టిన స్థాయి తెలుగు చదివే పిల్లకు ఒక్కోసారి పొసగదు. 'మేక ఆకులు తింది' అన్న వాక్యంలో మూడు పదాలున్నాయి. 'చంద్రుణ్ణి పట్టుకోవాలనుకుంది' అన్నదాంట్లో రెండే. లెక్క ప్రకారం రెండోది చిన్నది. కానీ మొదటిదాంట్లో గుణింతాలు, సున్న తప్ప మరేమీ లేవు. రెండోదాంట్లో 'ద్రు' దగ్గర ఒకసారి, 'ణ్ణి' దగ్గర మరోసారి పిల్ల ఆగుతుంది. ఆ తర్వాత 'పట్టుకోవాలి', 'అనుకుంది' కలిసిపోయి ఒకే పొడుగాటి మాటగా ఎదురయ్యేసరికి, దాని చివరికి చేరేలోపు మొదలు మరిచిపోతుంది. తెలుగులో చదివే కష్టం ఎక్కువగా ఒత్తుల్లోనూ, ఇలా కలిసిపోయిన మాటల్లోనూ ఉంటుంది.

అందుకే ప్రతి పుస్తకంలోనూ మధ్య పేజీ ఒకటి తెరిచి మూడు సంగతులు చూస్తే చాలు: పేజీకి ఎన్ని వరుసలున్నాయి, ఒత్తులు ఎలాంటివి, మాటలు ఎంత పొడుగున్నాయి. పేజీకి ఒకటి రెండు వరుసలు, ఎక్కువగా గుణింతాలు, అమ్మ, పిల్లి లాంటి తెలిసిన మాటల్లో మాత్రమే ద్విత్వాలు, ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ రావడం ఉంటే దానికి ఆకుపచ్చ చుక్క. మూడు నాలుగు వరుసలుండి, ద్విత్వాలు ధారాళంగా, సంయుక్తాక్షరాలు అక్కడక్కడా ఉంటే ఎరుపు. పేరాలుగా సాగుతూ సంయుక్తాక్షరాలు, కలిసిన మాటలు స్వేచ్ఛగా వస్తే పసుపు. బొమ్మలు తగ్గి కథ పది పేజీలకు మించి సాగితే నీలం. మాటల్లేని బొమ్మల పుస్తకాలకు ఏ రంగూ వద్దు, అవి అందరివీ. ఈ పని ఇద్దరు టీచర్లు కలిసి చేస్తే మేలు. ఇద్దరూ చెరో రంగు చెప్పిన పుస్తకాన్ని పిల్ల చేతికిచ్చి చదివించి తేల్చుకోవచ్చు.

తర్వాత పిల్లలను చూడాలి. దీనికి పరీక్ష పెట్టక్కర్లేదు. అసర్ సర్వేలో వాడే పద్ధతి టీచర్లకు తెలిసిందే: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కొంచెం పెద్ద కథ. రోజుకు ఆరుగురిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరితో మూడు నిమిషాలు చదివిస్తే వారంలో తరగతి అంతా అయిపోతుంది. పదాల దగ్గరున్న పిల్లకు ఆకుపచ్చ, పేరా చదివే పిల్లకు ఎరుపు, కథ చదివే పిల్లకు పసుపుతో మొదలుపెట్టాలి. అయితే చదవడం అయ్యాక 'ఇందులో ఏం జరిగింది?' అని తప్పకుండా అడగాలి. గడగడా చదివేసి ఏమీ చెప్పలేని పిల్లలు మన తరగతుల్లో తక్కువేమీ కాదు. అలాంటి పిల్లకు ఒక మెట్టు కింది రంగు ఇవ్వాలి.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. మన తరగతిలో అయిదుగురు అక్షరాల దగ్గర, తొమ్మిది మంది పదాల దగ్గర, ఎనిమిది మంది పేరా దగ్గర, ఆరుగురు కథ దగ్గర ఉన్నారనుకోండి. అంటే సగం మందికి బొమ్మల పుస్తకాలు, ఆకుపచ్చవే కావాలి. పైగా ఆ పుస్తకం అయిదు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి అవి ఇంకా ఎక్కువ ఉండాలి. అరవైలో ముప్పై దాకా వీటికే కేటాయించినా దండగ కాదు. కానీ బీరువాలో ఉన్నవి ఎక్కువగా నీతి కథలు, మహానుభావుల జీవితాలు, పసుపూ నీలమూ. ఆకుపచ్చ కొరత తీర్చుకోవడానికి స్టోరీవీవర్‌లోని తెలుగు పుస్తకాలను ఉచితంగా దించుకుని అచ్చు తీసుకోవచ్చు, దానికి అనుమతి ఉంది. నాలుగు ఏ4 కాగితాలకు రెండు వైపులా అచ్చు వేసి మధ్యకు మడిస్తే పదహారు పేజీల పుస్తకం తయారవుతుంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు కూడా చూడదగ్గవి.

పుస్తకాలను ఎలా పెడతామన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పిల్లల పుస్తకాలు చాలావరకు మధ్యలో పిన్నులు కొట్టిన పల్చటివి. బీరువాలో నిలబెడితే వాటికి కనిపించే వీపంటూ ఉండదు, ఏది ఏదో తెలియదు. తాడు కట్టి బట్టలు ఆరేసినట్టు వేలాడదీస్తే బరువంతా పిన్నుల మీద పడి నడిమి పేజీలు ఊడిపోతాయి. పాత దుప్పటికి వరుసలుగా జేబులు కుట్టించి గోడకు కట్టడం అన్నిటికన్నా బాగుంటుంది. అట్ట ముందుకు కనిపించాలి, పై వరుస పిల్లల కంటి ఎత్తు దాటకూడదు. వానాకాలంలో చెమ్మ పట్టే గోడను వదిలెయ్యాలి.

రంగుచుక్కను అట్ట మీద కాకుండా లోపల చివరి పేజీలో పెట్టడం మంచిది. జేబుల్లో కూడా రంగులు కలగలిసే ఉండాలి. పైకి కనిపించేలా విడదీస్తే 'నువ్వింకా ఆకుపచ్చేనా?' అన్న మాట వారంలోపే వినబడుతుంది, ఆ మాట పడ్డ పిల్ల ఇక ఆ మూలకు రాదు. తన రంగు ఏమిటో టీచరుకు తెలిస్తే చాలు. పిల్లకు నేర్పాల్సింది వేళ్ళు ముడిచే లెక్క: ఒక పేజీ తెరిచి చదువుతూ, ఆగిపోయిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవాలి. ఇంగ్లిషు పుస్తకాలకు అయిదు వేళ్ళంటారు. మన పేజీల్లో మాటలు తక్కువ, ఒక్కో మాట బరువు ఎక్కువ. అందుకని ముప్పై మాటలున్న పేజీలో మూడు వేళ్ళు ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి కష్టమని నా లెక్క. అయినా అదే కావాలని పట్టుబడితే ఇచ్చెయ్యాలి, దాంతోపాటు తన రంగు పుస్తకం ఇంకొకటి ఇవ్వాలి.

అరువుకు ఇవ్వడంలో ప్రధాన పనిముట్టు ఆ చివరి పేజీలోనే ఉంటుంది. చుక్క పక్కన ఒక తెల్ల చీటీ అంటించి, పుస్తకం నంబరు రాసి, కింద గళ్ళు గియ్యాలి. తీసుకున్న పిల్ల తన రోల్ నంబరు, తేదీ తనే రాసుకుంటుంది. ఇది కాక పిల్లకొక పేజీ చొప్పున ఒక నోటుబుక్కులో పుస్తకం నంబరు వేస్తే చాలు. అందరికీ ఒకే రోజు ఇస్తే పీరియడంతా అందులోనే పోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు ఏడుగురు చొప్పున పెడితే ఇరవై ఎనిమిది మందీ వారంలో వచ్చేస్తారు, పది నిమిషాలకు మించదు. తెచ్చిన రోజే కొత్తది తీసుకోవాలి. తేకపోతే ఆ వారం బడిలోనే చదువుకోవాలి. చదివినదాని సారాంశం రాసుకు రమ్మనకూడదు. ఆ షరతు పెట్టిన చోట పిల్లలు పుస్తకం అడగడం మానేస్తారు.

పోతే ఎలా? బీరువాకు తాళం పడేది ఈ ప్రశ్న దగ్గరే, స్టాక్ రిజిస్టరులో సంతకం టీచరుది కదా. నా మట్టుకు జరిమానా వద్దే వద్దు. ఒక్కసారి డబ్బు కట్టమంటే కూలికెళ్ళే తల్లి 'ఇంటికి పుస్తకం తేవద్దు' అంటుంది, ఆ పిల్లకు అక్కడితో సరి. పోగొట్టిన పిల్ల చిరిగిన పుస్తకాన్ని ఒకదాన్ని బాగు చేసి, మరుసటి వారం మళ్ళీ తీసుకోవచ్చు. పోయినవాటి, పనికిరాకుండా పోయినవాటి జాబితాను ప్రతి టర్మ్ చివర హెడ్మాస్టరు ద్వారా బడి కమిటీ సమావేశంలో చదివి మినిట్స్‌లో రాయించాలి. ఈ మాట ఏడాది మొదట్లోనే అనుకుంటే టీచరు చెయ్యి తేలికవుతుంది.

బాగుచేత శుక్రవారం పెట్టుకోవచ్చు. వానాకాలంలో పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, వాటిని తీసేసి దారంతో కుట్టాలి. మడత మీద మూడు కన్నాలు పొడవాలి. లోపలి నుంచి సూదిని నడిమి కన్నంలోంచి బయటికి తీసి, పై కన్నంలోంచి లోపలికి దించి, లోపలి వైపే కింది కన్నం దాకా తెచ్చి బయటికి లాగి, మళ్ళీ నడిమి కన్నంలోంచి లోపలికి తేవాలి. రెండు కొసలూ లోపలి పొడుగు దారానికి అటొకటి ఇటొకటి వచ్చేలా ముడెయ్యాలి. చినిగిన చోట సెలోటేపు వేస్తే ఏడాదికి పసుపెక్కి పెళుసవుతుంది. పల్చటి కాగితం ముక్క, గమ్ము నయం.

ఇక నెలకోసారి పుస్తకాలు మార్చాలి. ఏది ఉంచాలో ఏది తియ్యాలో చీటీయే చెబుతుంది. అరవైలో ఇరవై మారిస్తే చాలు. మొత్తం మారిస్తే, ఇష్టమైనదాన్ని రెండోసారి చదువుకుందామని ఎదురుచూసే పిల్లలకు అన్యాయం జరుగుతుంది, అప్పుడే చదవడం వస్తున్నవాళ్ళకు ఆ రెండో చదువే అసలు చదువు. గళ్ళు నిండిపోయి అందరి చేతులూ తిరిగిన పుస్తకాన్ని పెట్టెలోకి పంపాలి. రెండు నెలల తర్వాత అది మళ్ళీ కొత్తదవుతుంది.

ఒక్క గడీ కూడా నిండని పుస్తకాన్ని మాత్రం వెంటనే తీసెయ్యొద్దు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్నది 1931లో రంగనాథన్ రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి. ఆ పాఠకుణ్ణి వెతికే పని మనది. ఆ పుస్తకంలోంచి రెండు పేజీలు తరగతికి బిగ్గరగా చదివి, కథ ముదిరే చోట ఆపి జేబులో పెట్టెయ్యండి. వారంలో ఎవరూ తియ్యకపోతే అప్పుడు చుక్క చూడాలి. ఆకుపచ్చ అనుకున్నది నిజానికి ఎరుపేమో, పిల్లచేత ఒక పేజీ చదివిస్తే తెలుస్తుంది. అది కూడా కాకపోతే ఆ పుస్తకం ఈ తరగతిది కాదు.

నెలకు ఇరవై చొప్పున జూలై నుంచి తీస్తే, దసరా దాటేసరికి పెట్టెలోని తొంభైలో పదే కొత్తవి మిగులుతాయి. అప్పుడు పక్క ఊరి బడి అక్కరకొస్తుంది. కాంప్లెక్స్ సమావేశానికి టీచర్లు ఎలాగూ వెళ్తారు. ముప్పై పుస్తకాల సంచి ఒకటి తీసుకెళ్ళి వాళ్ళ ముప్పై తెచ్చుకోవచ్చు. జాబితా రెండు కాపీలు రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి, సంక్రాంతి తర్వాతి సమావేశంలో ఎవరివి వాళ్ళు తీసుకోవాలి. చీటీలు మాత్రం చింపకూడదు. అక్కడి పిల్లలు ఏవి ఎక్కువ తీసుకున్నారో చూస్తే, వచ్చే ఏడాది చేతిలో కాస్త డబ్బు ఉన్నప్పుడు ఏం కొనాలో దాని మీదే రాసి ఉంటుంది.