మధ్య వరుసలోని ఫేషియల్

చిన్న పట్టణాల్లో బ్యూటీ పార్లర్ రేట్ల బోర్డు చదవాలంటే ఓపిక కావాలి. ఐబ్రోస్‌తో మొదలై పెళ్లికూతురి మేకప్ దాకా పొడుగాటి జాబితా, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో. ఒక్క ఫేషియల్ కిందే ఫ్రూట్, పెర్ల్, గోల్డ్, డైమండ్ అంటూ ఏడెనిమిది పేర్లు ఉంటాయి. పక్కన రేటు తప్ప, దేనికీ దేనికీ తేడా ఏమిటో చెప్పే ముక్క ఉండదు. వచ్చినావిడ అయితే “అక్కా, వీటిలో ఏది మంచిది?” అని అడుగుతుంది, లేదంటే అన్నిటికన్నా తక్కువది చూపించి అదే చేయమంటుంది. అలా అన్నందుకు ఆవిడను పిసినారి అనడానికి లేదు. తేడా తెలియనప్పుడు తక్కువ డబ్బు పెట్టడమే తెలివైన పని.

ఆ ఏడెనిమిదింటినీ మూడుకు తగ్గిస్తే చాలామంది చూపు మధ్యదాని మీద ఆగుతుంది. 1992లో ఇటమార్ సైమన్‌సన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కెమెరాలతో దీన్ని పరీక్షించారు. సుమారు 170 డాలర్లది, 240 డాలర్లది చూపిస్తే జనం చెరిసగం అయ్యారు. 470 డాలర్ల మూడోది పక్కన చేర్చగానే 240 డాలర్లదాన్ని 57 శాతం మంది ఎంచుకున్నారు. తక్కువదాన్ని కోరినవాళ్లు 22 శాతానికి పడిపోయారు. చవకది తీసుకుంటే నాసిరకమేమో, ఖరీదైనది తీసుకుంటే దండగేమో అన్న రెండు అనుమానాల మధ్య నడిమిది క్షేమంగా కనిపిస్తుంది.

అయితే మధ్యలో ఏది పెట్టాలన్నది లెక్క చూసి తేల్చాలి. ఒక పార్లర్ అనుకుందాం. క్లీనప్ రేటు 400 రూపాయలు, సామాను ఖర్చు 60, పట్టే సమయం 35 నిమిషాలు. మసాజ్, ప్యాక్ కలిపిన ఫేషియల్ 900, సామానుకు 200, గంట పని. ఖరీదైన కిట్‌తో చేసేది 1,800, కిట్‌కే 700, గంటా నలభై నిమిషాలు. సామాను ఖర్చు తీసేసి గంటకు ఎంత మిగులుతుందో చూస్తే క్లీనప్‌కు దాదాపు 583 రూపాయలు, మధ్యదానికి 700, పెద్దదానికి 660. అద్దె, కరెంటు, అమ్మాయిల జీతాలు ఇందులోంచే పోవాలి. ఒకే కుర్చీ ఉన్న పార్లర్‌కు పెద్ద బిల్లు కన్నా కుర్చీ గంటకు తెచ్చేదే ముఖ్యం. కాబట్టి ఇక్కడ 900 ఫేషియల్ మధ్యలో ఉండటం న్యాయమే. లెక్క తిరగబడితే బోర్డు కూడా మారాలి.

రేట్ల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. 400 నుంచి 900 అంటే 500 ఎక్కువ. అక్కడి నుంచి పైదానికి మరో 900. కింది మెట్టు పొట్టిది, పై మెట్టు ఎత్తైనది. మధ్యదాన్ని 1,300 చేస్తే క్లీనప్ దగ్గరే ఆగిపోయేవాళ్లు పెరుగుతారు.

ఇక రాత. “గోల్డ్” అన్న పేరు కన్నా “60 నిమిషాలు: క్లీనప్, ముఖానికీ మెడకూ మసాజ్, ప్యాక్” అన్న ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది. ప్రతి మెట్టులో కింది మెట్టు కన్నా అదనంగా ఏముందో అదే ముందు కనబడాలి. రేట్లన్నీ కుడివైపు ఒకే నిలువు వరుసలో పేర్చితే కన్ను పనిని వదిలేసి అంకెల వెంటే దిగుతుంది. వివరం అయిపోయిన చోటే, అదే సైజులో రేటు రాస్తే ముందు పని చదువుతారు. “ఎక్కువమంది చేయించుకునేది” అని రాయాలనిపిస్తే రిజిస్టర్ చూసుకుని రాయండి, ఊరికే వద్దు. “300 నుంచి మొదలు” అని రాసి, జుట్టు పొడవుగా ఉందని 700 తీసుకునే అలవాటు మరీ చేటు. భుజాల దాకా ఇంత, నడుము దాకా ఇంత అని ముందే రాస్తే గొడవ లేదు.

ఐబ్రోస్ జోలికి మాత్రం పోవద్దు. ఆ రేటు వీధిలో అందరికీ తెలుసు, పక్క పార్లర్‌తో పోల్చేది దాన్నే. దాన్ని మూడు రకాలు చేస్తే నవ్వి వెళ్లిపోతారు.

మార్పు పనిచేసిందో లేదో రిజిస్టరే చెబుతుంది. పాత బోర్డుతో ఒక నెల, కొత్తదానితో ఒక నెల, ఏది ఎన్నిసార్లు అమ్ముడైందో గీతలు పెట్టుకోండి. పెళ్లిళ్ల నెలను మామూలు నెలతో పోల్చకూడదు. క్లీనప్‌లే కదలకుండా ఉంటే, ఎడం ఎక్కువైందో, వివరం అర్థం కాలేదో చూడాలి. “మసాజ్ కూడా ఉంటుందా?” అని ఇంకా అడుగుతున్నారంటే వివరంలోనే లోపం. మధ్యది బాగా పోతున్నా, చేయించుకున్నవాళ్లు మళ్లీ రావడం లేదంటే అక్కర్లేనిది అంటగట్టినట్టే లెక్క.

మరో మాట. కిట్ల ధర పెరిగినప్పుడల్లా ఫ్లెక్సీ మీద కాగితం ముక్కలు అతికించేవాళ్లున్నారు. గోడ మీద పనుల వివరాలు మాత్రమే వేయించి, రేట్లు కలిపిన లామినేషన్ షీటును కుర్చీ దగ్గర పెట్టుకుంటే మార్చాల్సింది ఆ ఒక్క కాగితమే.